వాట్సాప్ గ్రూపులో ‘రేపు’ అంటే ఏ తేదీ?

ఇంజినీరింగ్ కాలేజీలో సెక్షన్ వాట్సాప్ గ్రూపు ఒక్క రోజు చూడకపోతే నూట యాభై సందేశాలు పోగవుతాయి. వాటిలో పుట్టినరోజు శుభాకాంక్షలు ముప్పై, ‘క్లాస్ ఉందా?’ అన్న ప్రశ్నలు పాతిక, చేయి జోడించిన ఎమోజీలు లెక్కలేనన్ని. అసలు పనికొచ్చేవి మూడో నాలుగో. ఏ అసైన్‌మెంట్ ఎప్పుడివ్వాలి, ఏ రూపంలో ఇవ్వాలి అన్నది ఆ నాలుగింట్లోనే ఉంటుంది. అది కూడా ఒకచోట కాదు, తేదీ ఒక సందేశంలో, ‘ఏ4 పేపర్ మీదే రాయాలట’ అన్నది ఇంకోదాంట్లో, ‘డేట్ మార్చారు’ అన్నది మూడు రోజుల తర్వాత వేరే ఎక్కడో.

ఇవన్నీ స్క్రీన్‌షాట్లుగా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతాయి. వాటిని ముందేసుకుని, గడువు తేదీల వరుసలో ఒకే జాబితా తయారు చేసుకోవడం చూడటానికి పావుగంట పని. చాలామంది చేస్తారు కూడా. అయితే అలా చేసిన జాబితాల్లో తప్పులు దొర్లేది ఎక్కువగా ఒకే చోట. గడువు తేదీ చదవడంలో కాదు, ఆ మాట ఏ రోజు అన్నారో తేల్చుకోకపోవడంలో.

పోయేది చిన్న మార్కులే అనుకోవచ్చు. కానీ జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నియమాల ప్రకారం ఒక థియరీ సబ్జెక్టుకు ఉండే 40 ఇంటర్నల్ మార్కుల్లో 5 అసైన్‌మెంట్‌వే. మొదటి అసైన్‌మెంట్ మొదటి మిడ్‌కు ముందే ఇచ్చేయాలి. మిడ్‌లో ఐదు మార్కులు తెచ్చుకోవడానికి ఎంత చదవాలో తెలిసినవాళ్లెవరూ ఇక్కడ ఐదు వదులుకోరు.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి తేటపడుతుంది. ఇది ఇలాంటి గ్రూపుల్లో రోజూ కనిపించే సందేశాల తీరుకు తగ్గట్టు కూర్చిన ఉదాహరణ. తేదీలు మాత్రం 2025 ఆగస్టు క్యాలెండర్‌లోవి. సీఎస్ఈ మూడో ఏడాది అమ్మాయి ఒకామె ఆగస్టు 22, శుక్రవారం నాడు వేరే సెక్షన్‌కు మారింది. ఆ పొద్దున్నే కొత్త గ్రూపులో చేర్చారు. చేరకముందు వచ్చిన సందేశాలేవీ ఆమె ఫోన్‌లో లేవు. అందుకని ఆ సెక్షన్‌లోని స్నేహితురాలు ఉదయం ఎనిమిది గంటలకు ఐదు స్క్రీన్‌షాట్లు పంపింది. కింద ‘ఇవే, చూస్కో’ అని ఒక మాట.

మొదటి స్క్రీన్‌షాట్‌లో సీఆర్ పెట్టిన సందేశం: ‘డీఏఏ అసైన్‌మెంట్ 1 వచ్చే సోమవారం సబ్మిట్ చేయాలి. హ్యాండ్‌రిటెన్, ఏ4, వన్ సైడ్ ఓన్లీ.’ పైన ‘యెస్టర్‌డే’ అని చిన్న పట్టీ ఉంది. రెండోది ‘రేపు పది గంటలకల్లా సీఎన్ ల్యాబ్ రికార్డులు, బ్యాచ్ 1. అబ్జర్వేషన్‌లో మేడమ్ సంతకం లేకపోతే రికార్డు తీసుకోరు.’ పైన ‘టుడే’. మూడోది ‘సీఎన్ అసైన్‌మెంట్ 1 క్లాస్‌రూమ్‌లో పెట్టారు. 26 మిడ్‌నైట్ 12 లోపు. ఒకటే పీడీఎఫ్. ఫైల్ పేరు రోల్ నంబర్, అండర్‌స్కోర్, సీఎన్1.’ నాలుగోది ఇంతే: ‘డేట్ ఎక్స్‌టెండ్ చేశారు. 28.’ ఐదోది ఇంగ్లిష్ ల్యాబ్ పీపీటీ గురించి: ‘శనివారంలోపు, పది స్లైడ్లకు మించొద్దు, గూగుల్ ఫామ్ లింక్ పైన ఉంది.’ దానిపైన ‘మండే’ అని పట్టీ.

ఇందులో పూర్తి తేదీ ఒక్కటీ లేదు. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో అంకె ఉంది కానీ నెల లేదు. మిగతావన్నీ రేపు, సోమవారం, శనివారం. గ్రూపులో ఆ క్షణాన చదివేవాళ్లకు అదేమీ ఇబ్బంది కాదు, ‘రేపు’ అంటే రేపే. ఆ సందేశం బొమ్మగా మారి ఫోన్లు దాటగానే ‘రేపు’ దేనికి రేపో తెలియకుండా పోతుంది.

కాబట్టి జాబితా వేయబోయేవాళ్లు మొదట గడువు వైపు చూడకూడదు. ప్రతి బొమ్మకూ ఈ సందేశం ఏ రోజు వచ్చిందన్నది తేల్చాలి. దానికి స్క్రీన్‌షాట్‌లోనే రెండు మూడు ఆనవాళ్లు ఉంటాయి.

మొదటి ఆనవాలు ఆ తేదీ పట్టీ. వాట్సాప్‌లో ఒక రోజు సందేశాలు మొదలయ్యేచోట అది స్థిరంగా ఉంటుంది. మధ్యలో ఉన్నప్పుడు తెర జరుపుతుంటే కాసేపు పైన తేలి మాయమైపోతుంది. అందుకే రోజు మధ్యలోంచి తీసిన స్క్రీన్‌షాట్‌లో చాలాసార్లు పట్టీ ఉండనే ఉండదు. నాలుగో బొమ్మలో లేకపోవడానికి కారణం అదే. పట్టీ ఉన్నా, అది చెప్పేది సందేశం తేదీని కాదు. స్క్రీన్‌షాట్ తీసిన రోజుకూ సందేశానికీ మధ్య ఉన్న దూరాన్ని. ‘యెస్టర్‌డే’ అంటే స్క్రీన్‌షాట్ తీసిన రోజుకు నిన్న, చూస్తున్న రోజుకు నిన్న కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే మొదటి బొమ్మ చూసి, ఇవాళ 22 కాబట్టి సందేశం 21న వచ్చిందని అనుకోవడం చాలా సులువు.

మరి స్క్రీన్‌షాట్ ఎప్పుడు తీశారు? ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ సమాధానం ఫైల్ పేరులోనే ఉంటుంది. `Screenshot_20250820-213412.png` అంటే 2025 ఆగస్టు 20, రాత్రి 9 గంటల 34 నిమిషాల 12 సెకన్లకు తీసింది. కంపెనీని బట్టి పేరు కొంచెం అటూఇటూ మారుతుంది కానీ తేదీ మాత్రం ఉంటుంది. చిక్కేమిటంటే, దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ పేరు పోతుంది. అవతలి ఫోన్‌లో అది `IMG-20250822-WA0014.jpg` అని కొత్త పేరుతో దిగుతుంది. ఇందులోని 22 స్క్రీన్‌షాట్ తీసిన రోజు కాదు, ఫొటో అందిన రోజు. ఫొటోతో పాటు దాగి ఉండే సమాచారం కూడా పంపేటప్పుడే రాలిపోతుంది. పైగా బొమ్మను వాట్సాప్ కుదించేస్తుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి.

దీనికి విరుగుడు తేలిక. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. అటాచ్ గుర్తు నొక్కి గ్యాలరీకి బదులు డాక్యుమెంట్ ఎంచుకుంటే ఫైల్ అసలు పేరుతో, అసలు స్పష్టతతో వెళ్తుంది. మన ఉదాహరణలోని అమ్మాయి మొదటి బొమ్మను అలా తెప్పించుకుంటే పేరులో 20 కనిపించింది. పట్టీ మీద ‘యెస్టర్‌డే’. అంటే సందేశం వచ్చింది 19, మంగళవారం. మంగళవారం నాడు ‘వచ్చే సోమవారం’ అంటే 25. ఇక్కడ 21 అనుకున్నా సోమవారం మారేది కాదు, అదృష్టం. అదే మాట ఆదివారం సాయంత్రం అని ఉంటే ఒక్క రోజు తేడా వారం రోజుల తేడా అయ్యేది.

రెండో బొమ్మకు అదృష్టం పనిచేయదు. స్నేహితురాలి ఫోన్‌లోంచి దాని అసలు ఫైల్ అప్పటికే చెరిగిపోయింది. చేతిలో ఉన్నది `IMG-20250822-WA0012.jpg` మాత్రమే. తొందరపడితే ఇలా ఉంటుంది లెక్క: ఫైల్ 22, పట్టీ ‘టుడే’, సందేశంలో ‘రేపు’, కాబట్టి గడువు 23 శనివారం. తప్పు. బొమ్మ పైఅంచున ఫోన్ గడియారం 11:40 చూపిస్తోంది. సందేశం పక్కన సమయం రాత్రి 9:48. ‘టుడే’ కింద రాత్రి 9:48 సందేశం కనబడుతోందంటే ఆ 11:40 రాత్రిదే కావాలి, పగటిది కాలేదు. ఆ బొమ్మ ఆమెకు చేరింది 22 ఉదయం ఎనిమిదింటికి. 22 రాత్రి ఇంకా రానేలేదు కదా! అంటే అది తీసింది 21 రాత్రి, లేదా అంతకుముందు. ‘రేపు’ 22 దాటదు. టైమ్‌టేబుల్ చూస్తే బ్యాచ్ 1కు సీఎన్ ల్యాబ్ శుక్రవారమే. గడువు ఇవాళే, ఇంకో రెండు గంటల్లో.

ఇదంతా అపరాధ పరిశోధనలా అనిపించొచ్చు. నిజానికి అలవాటైతే బొమ్మకు అర నిమిషం. సందేశం సమయం, ఫోన్ గడియారం, పట్టీ, ఫైల్ పేరు, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నదే చూడాల్సింది. పొసగకపోతే ఎక్కడో తప్పు ఊహ ఉన్నట్టు.

మూడో బొమ్మలో చిక్కు వేరు. ‘26 మిడ్‌నైట్ 12’ అన్నారు. గడియారం లెక్కన 26 అర్ధరాత్రి పన్నెండు అంటే 25వ తేదీ ముగిసి 26 మొదలయ్యే క్షణం. మాట్లాడుకునే తీరులో చాలామందికి 26 రాత్రి పడుకోబోయే ముందు. ఈ రెంటికీ మధ్య సరిగ్గా ఒక రోజు ఉంది. ఇలాంటిచోట సందేశాన్ని ఎంత తిరగేసినా తేలదు, అసలు చోటుకే వెళ్లాలి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఆ అసైన్‌మెంట్ తెరిస్తే గడువు `Due Aug 25, 11:59 PM` అని ఉంది. టీచర్ తేదీ మాత్రమే పెట్టి సమయం పెట్టకపోతే క్లాస్‌రూమ్ దానంతటదే రాత్రి 11:59 వేసుకుంటుంది. దాన్నే ఎవరో ‘పన్నెండు’ అని గుండ్రం చేసి, పన్నెండు దాటితే 26 కదా అని 26 రాశారు. 26 సాయంత్రం అప్‌లోడ్ చేసినా క్లాస్‌రూమ్ తీసుకుంటుందేమో కానీ పక్కన ఆలస్యమని ముద్ర పడుతుంది. గ్రూపులో మాట ఎప్పుడూ ఒకరు విని చెప్పినదే. క్లాస్‌రూమ్ పోస్టు గానీ నోటీసు బోర్డు గానీ అందుబాటులో ఉంటే జాబితాలోకి ఎక్కాల్సింది దానిలోని తేదీ.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదకరం. ‘డేట్ ఎక్స్‌టెండ్ చేశారు. 28.’ దేనిది? డీఏఏదా, సీఎన్‌దా? రెండింటికీ ‘అసైన్‌మెంట్ 1’ ఉంది, రెండూ దాదాపు ఒకే రోజు. స్క్రీన్‌షాట్ ఆ సందేశంతోనే మొదలైంది, దాని పైన ఏముందో తెలియదు. స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు ఒకదాని చివరి సందేశం తర్వాతి బొమ్మలో మొదట కనబడేలా తీయాలన్నది ఇందుకే. ఆ అతుకు లేకపోతే ‘అది’, ‘దాని డేట్’, ‘సేమ్ ఫార్మాట్’ లాంటి మాటలన్నీ గాల్లో వేలాడతాయి. ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కిందికి జరుపుతూ పొడవాటి స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసే వీలుంది. అది వాడితే ఈ బాధే ఉండదు.

27 బుధవారం వినాయక చవితి. 25కు ఇవ్వాల్సిన చేతిరాత అసైన్‌మెంట్‌ను పండగ తర్వాత తెమ్మన్నారేమో, అయితే డీఏఏదే అయ్యుంటుంది అని ఊహించవచ్చు. సబబైన ఊహే. కానీ తప్పయితే డీఏఏ గడువు దాటిపోతుంది. జాబితాలో ఊహకు చోటుండొచ్చు, పక్కన ప్రశ్నార్థకం ఉంటేనే. సీఆర్‌ను అడగాలి. అడిగే తీరు కూడా ముఖ్యం. ‘అసైన్‌మెంట్స్ ఎప్పుడు?’ అని అడిగితే సీఆర్ పైకి జరుపుకొని చూసుకోమంటాడు, న్యాయంగానే. ఆ అమ్మాయి ఇలా పెట్టింది: ‘28 అన్నది డీఏఏకా సీఎన్‌కా? ఇంగ్లిష్ పీపీటీ ఈ శనివారం 23కేనా? డీఏఏ పేపర్లు క్లాసులో నువ్వే కలెక్ట్ చేస్తావా?’ మూడు ప్రశ్నలు, మూడింటికీ ఒక్క ముక్కలో జవాబు. ఐదు నిమిషాల్లో వచ్చింది: ‘డీఏఏ. అవును 23. ఫస్ట్ అవర్‌లో నేనే తీసుకుంటా.’

గడువు మారినప్పుడు పాత వరుస చెరిపేయాలనిపిస్తుంది. చెరపకుండా కొత్త తేదీ వేసి, పక్కన ‘25 నుంచి 28కి మారింది, సీఆర్ 22న చెప్పాడు’ అని రాసుకుంటే మంచిది. రెండు రోజుల తర్వాత పాత స్క్రీన్‌షాట్ ఎవరో మళ్లీ ఫార్వర్డ్ చేసినప్పుడు ఏది ముందుదో, ఏది తర్వాతిదో అప్పుడు వెతుక్కోవక్కర్లేదు.

ఇంతవరకూ చేత్తో, కంటితో. బొమ్మలు ఐదుంటే ఇదే మేలు. నలభై ఉంటే అక్షరాలను బొమ్మలోంచి బయటికి తీసే సాధనాలు వాడాలనిపిస్తుంది. ఫోన్‌లో గూగుల్ లెన్స్ ఆ పని చేస్తుంది. కంప్యూటర్‌లో అయితే టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. హెచ్‌పీ కంపెనీలో పుట్టి 2005లో అందరికీ తెరిచేసిన ఈ ప్రోగ్రామ్‌కు తెలుగు లిపి కూడా చదవడం వచ్చు. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల ఫైళ్లూ వేసుకుంటే ఆదేశం ఇంతే:

```
tesseract s3.png s3 -l eng+tel
```

పక్కనే `s3.txt` అన్న ఫైల్ తయారవుతుంది. అయితే ఇక్కడే కొత్త తప్పులు పుట్టుకొస్తాయి. అక్షరం తప్పు చదవడం అందులో చిన్నది. పెద్దది, బొమ్మలో ఉన్న అమరిక పోవడం.

వాట్సాప్‌లో సందేశం వచ్చిన సమయం బుడగ కింది మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంటికి అది వేరే సంగతని తెలుస్తుంది. అక్షరాలు మాత్రమే బయటికి తీస్తే ‘సబ్మిట్ చేయాల్సింది 28’ అన్న వాక్యం పక్కన 9:41 పీఎం వచ్చి అతుక్కుంటుంది. చదివేవాళ్లకు 28 రాత్రి 9:41 గడువులా కనిపిస్తుంది. జాబితాలో 9:41, 10:17 లాంటి వింత సమయాలు కనబడితే అనుమానించాల్సింది దీన్నే. టీచర్లు ఇచ్చే గడువులు పదింటికో, నాలుగింటికో, 11:59కో ఉంటాయి.

రెండోది, ఎవరైనా పాత సందేశానికి రిప్లై ఇస్తే ఆ పాత సందేశం మొదటి ముక్క కొత్త బుడగలోనే పైన చిన్న పెట్టెలో కనబడుతుంది. అక్షరాలుగా మారాక ఆ పెట్టె ఉండదు. ‘వచ్చే సోమవారం’ అన్న పాత మాట కొత్తగా అన్నట్టు తయారవుతుంది, మార్చేసిన గడువు మళ్లీ బతికి కూర్చుంటుంది. మూడోది మరీ చిత్రం. కొంతమంది సీఆర్‌లు జాగ్రత్తపరులు, తేదీ మారితే పాతదాని మీద అడ్డగీత పడేలా టైప్ చేసి పక్కన కొత్తది రాస్తారు. యంత్రం చదివేటప్పుడు ఆ గీత ఎగిరిపోవచ్చు. అప్పుడు రెండు తేదీలూ సమానంగా నిలబడతాయి.

ఇంకొకటి రోల్ నంబరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీల్లో 99 దాటాక వరుస సంఖ్య ఏ0, ఏ1 అంటూ సాగి బీ7 లాంటివి వస్తాయి. `23XX1A05B7` లోని చివరి రెండు అక్షరాలను యంత్రం 87 అని చదివితే అది వేరే విద్యార్థి నంబరైపోతుంది. ఫైల్ పేరు ఎలా ఉండాలో నమూనా బొమ్మలోంచి కాపీ చేసినప్పుడు ఆ ఒక్క ముక్కా కంటితో సరిచూసుకోవాలి.

గ్రూపులో మొదటినుంచీ ఉన్నవాళ్లకైతే స్క్రీన్‌షాట్ల గొడవ సగం తప్పించుకునే దారి ఒకటి ఉంది. గ్రూపు మెనూలో `Export chat` నొక్కి, మీడియా లేకుండా అంటే మొత్తం సంభాషణ ఒక టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది. ప్రతి సందేశం ముందు తేదీ, సమయం ఉంటాయి కాబట్టి ‘రేపు’ ఎప్పటి రేపో తేలిపోతుంది. దానికీ ఒక లోటు ఉంది. ఎవరు ఏ సందేశానికి రిప్లై ఇచ్చారన్నది ఆ ఫైల్‌లో ఉండదు. ‘డేట్ ఎక్స్‌టెండ్ చేశారు. 28’ అన్నది అక్కడా అనాథే.

తేదీ తేలాక మిగిలేది రూపం. జాబితాలో చాలామంది దీన్ని ‘హార్డ్ కాపీ’ లేదా ‘సాఫ్ట్ కాపీ’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. అది చాలదు. ఎక్కడ ఇవ్వాలి, ఎలా ఉండాలి, ఇచ్చే ముందు ఇంకెవరి చేయి పడాలి అన్న మూడూ రాసుకోవాలి. సీఎన్ రికార్డు విషయంలో అసలు గడువు పది గంటలు కాదు. అబ్జర్వేషన్‌లో సంతకం లేకపోతే రికార్డు చేతిలో ఉన్నా తీసుకోరు, కాబట్టి పదికి ముందే మేడమ్‌ను పట్టుకోవాలి. ‘ఒకటే పీడీఎఫ్’ అన్నప్పుడు ఎనిమిది పేజీలకు ఎనిమిది ఫొటోలు అప్‌లోడ్ చేస్తే కుదరదు, స్కాన్ చేసి కలపాలి. ‘వన్ సైడ్’ అన్నది రాయడం మొదలుపెట్టకముందే తెలియాల్సిన మాట. రెండువైపులా పన్నెండు పేజీలు రాశాక తెలిస్తే మళ్లీ రాయడమే గతి.

రూపం తెలిస్తే సమయం కూడా తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో ఇచ్చేదానికి సమయం చెప్పకపోతే రాత్రి 11:59 అనుకోవచ్చు. కాగితం మీద ఇచ్చేదానికి అలా అనుకోవడం పొరపాటు. ‘28’ అన్నారంటే ఆ రోజు ఫస్ట్ అవర్‌కు చేతిలో ఉండాలి, అంటే రాయాల్సింది 27 రాత్రికల్లా. తేదీ ఒకటే అయినా కాగితం పని జాబితాలో పైకి, అప్‌లోడ్ పని కిందికి వెళ్తాయి. కాలేజీ మొదలయ్యే వేళ 9:30 అయితే అదే రాసుకోవాలి.

ఇదంతా ఒకచోట చేరిస్తే ఆ శుక్రవారం ఉదయం ఆ అమ్మాయి జాబితా ఇలా వచ్చింది:

2025-08-22 10:00: సీఎన్ ల్యాబ్ రికార్డు. ల్యాబ్‌లో ఇవ్వాలి. ముందు అబ్జర్వేషన్‌లో సంతకం.

2025-08-23 23:59: ఇంగ్లిష్ ల్యాబ్ పీపీటీ. పది స్లైడ్లలోపు. గూగుల్ ఫామ్. సమయం చెప్పలేదు.

2025-08-25 23:59: సీఎన్ అసైన్‌మెంట్ 1. ఒకే పీడీఎఫ్, `23XX1A05B7_CN1.pdf`. క్లాస్‌రూమ్. గ్రూపులో 26 అన్నారు, క్లాస్‌రూమ్‌లో 25.

2025-08-28 09:30: డీఏఏ అసైన్‌మెంట్ 1. చేతిరాత, ఏ4, ఒకవైపే. ఫస్ట్ అవర్‌లో సీఆర్‌కు. 25 నుంచి మారింది.

స్క్రీన్‌షాట్లు వచ్చిన వరుసకూ దీనికీ పోలిక లేదు. మొదటిది చివరికి వెళ్లింది, రెండోది మొదటికి వచ్చింది. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో తేదీ రాయడం కొంచెం పరాయిగా కనబడుతుంది కానీ దానికి కారణం ఉంది. మనం మామూలుగా రాసే 25/08/2025 పద్ధతిలో గూగుల్ షీట్స్‌లో పెడితే, ఆ షీట్ అమెరికా పద్ధతికి అమర్చి ఉంటే, 25వ నెల లేదు కాబట్టి అది దాన్ని తేదీగా గుర్తించదు, మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. వచ్చే వారం 02/09/2025 అని సెప్టెంబర్ 2 గడువు ఒకటి చేరిస్తే దాన్ని మాత్రం తేదీగానే తీసుకుంటుంది, ఫిబ్రవరి 9గా. సార్ట్ చేయగానే అది జాబితా నెత్తికెక్కుతుంది.

పసిగట్టడం కష్టం కాదు. షీట్‌లో తేదీగా గుర్తించినవి గడిలో కుడివైపుకు, అక్షరాలుగా మిగిలినవి ఎడమవైపుకు ఒదుగుతాయి. ఒకే నిలువు వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి ఉంటే లెక్క తప్పినట్టే. `File`, `Settings` లోకి వెళ్లి `Locale` దగ్గర `India` పెట్టి, తేదీలు మళ్లీ టైప్ చేస్తే సర్దుకుంటుంది. 2025-08-25 లాగా రాస్తే ఆ బెడద అసలే లేదు. దాన్ని అక్షరాలుగా పేర్చినా, తేదీలుగా పేర్చినా వరుస ఒకటే వస్తుంది. నోట్స్ యాప్‌లో రాసుకున్నా అంతే.

పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, బస్ పాస్ రెన్యువల్, ఫెస్ట్ రిజిస్ట్రేషన్ లాంటివి కూడా అవే స్క్రీన్‌షాట్లలో తగులుతాయి. వాటికి వేరే జాబితా పెట్టుకోవడం నయం. ఇందులో కలిపితే నాలుగు వరుసలు పద్నాలుగవుతాయి, ఆపైన ఎవరూ చదవరు. ఇంకో సంగతి, ఈ జాబితాను తోటివాళ్లతో పంచుకునేటప్పుడు స్క్రీన్‌షాట్లు జత చేయకపోవడమే మంచిది. పేరు సేవ్ చేయనివాళ్ల ఫోన్ నంబర్లు వాటిలో కనబడుతుంటాయి.

చివరిగా సీఆర్‌లకు ఒక విన్నపం. పైన చెప్పిన పాట్లన్నీ పడేది వినేవాళ్లు, వాటిని తప్పించగలిగింది మీరు. ‘రేపు’ అని టైప్ చేసేముందు ఒక్క క్షణం ఆగి, సబ్జెక్టు, వారం పేరుతో సహా తేదీ, సమయం, రూపం, ఎక్కడివ్వాలి అన్నవన్నీ ఒకే సందేశంలో పెట్టండి. ‘డీఏఏ అసైన్‌మెంట్ 1. గడువు గురువారం 28 ఆగస్టు, ఉదయం 9:30. చేతిరాత, ఏ4, ఒకవైపే. ఫస్ట్ అవర్‌లో నాకు ఇవ్వాలి.’ తేదీ మారితే ‘డేట్ మారింది’ అని ఊరుకోకుండా ఇదే సందేశాన్ని కొత్త తేదీతో మళ్లీ మొత్తం రాయండి. వారం పేరూ అంకే రెండూ ఉంటే ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది.